నోటీసు బోర్డులో పాస్, పోర్టల్‌లో ఫెయిల్

ఆ తండ్రి రెండు బస్సులు మారి వచ్చాడు. ఎగ్జామ్ బ్రాంచ్ కౌంటర్ దగ్గర కిటికీ ఊచల మధ్య నుంచి ఫోన్ లోపలికి పెట్టి, "ఇదొక్కటి చూడండి సార్" అన్నాడు. తెర మీద వాళ్లబ్బాయి హాల్ టికెట్ నంబరు, రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్ ఫలితాలు ఉన్నాయి. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ వరుసలో 'ఎఫ్' అని ఉంది. తర్వాత ఆయన వరండాలోని నోటీసు బోర్డు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ అంటించిన రీకౌంటింగ్ జాబితాలో అదే నంబరు, అదే సబ్జెక్టు, దానికెదురుగా 26 మార్కులు, పాస్. "వీటిలో ఏది నమ్మాలి సార్? సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి రేపే ఆఖరు."

అప్పుడు నేను ఆ అటానమస్ ఇంజినీరింగ్ కాలేజీలో సాఫ్ట్‌వేర్ పని చూసేవాణ్ని. మార్కులను ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి విద్యార్థుల పోర్టల్‌కు చేర్చే ప్రోగ్రామ్ రాసింది నేనే. ఆ రోజు గురువారం. రీకౌంటింగ్ మార్కులు మంగళవారం తెల్లవారకముందే కంప్యూటర్లోకి ఎక్కాయి. మా ప్రోగ్రామ్ రోజూ రాత్రి రెండింటికి నడుస్తుంది. అంటే ఆ మార్కు ఎక్కిన తర్వాత అది రెండుసార్లు నడిచింది. రెండుసార్లూ "అంతా సరిగానే ఉంది" అని నివేదిక ఇచ్చింది. పోర్టల్‌లో మాత్రం ఎఫ్ ఎఫ్‌గానే ఉండిపోయింది.

ఇలా ఎందుకైందో చెప్పాలంటే ముందు మార్కు నడిచే దారి చెప్పాలి. పరీక్ష రాశాక జవాబు పత్రం మీద విద్యార్థి నంబరు ఉన్న భాగాన్ని వేరుచేసి, దాని బదులు ఒక బార్‌కోడ్ అంటిస్తారు. దిద్దే మాస్టారికి అది ఎవరి పేపరో తెలియకూడదు. ఆయన లోపలి పేజీల్లో ఒక్కో ప్రశ్నకు మార్కులు వేసి, వాటిని మొదటి పేజీలోని గడుల్లోకి ఎక్కించి కూడతాడు. తర్వాత డీకోడింగ్ చేసి ఆ బార్‌కోడ్ ఏ హాల్ టికెట్‌దో కలుపుతారు, మిడ్ పరీక్షల ఇంటర్నల్ మార్కులు చేరుస్తారు, గ్రేడు లెక్కిస్తారు. ఫలితాల కమిటీ కూర్చుని ఆమోదిస్తుంది. ఇంతవరకూ జరిగేదంతా ఎగ్జామ్ బ్రాంచ్ గదిలో తాళం వేసి ఉండే సర్వర్లోనే. అసలు లెక్క అదే.

విద్యార్థి ఫోన్లో చూసేది ఆ సర్వర్‌ని కాదు. పోర్టల్‌కు తనదైన డేటాబేస్ వేరే ఉంటుంది. ఇలా విడదీయడానికి మంచి కారణాలే ఉన్నాయి. ఫలితాలు వచ్చాయన్న కబురు అందిన పది నిమిషాల్లో కాలేజీ మొత్తం ఒకేసారి పోర్టల్ తెరుస్తుంది. ఆ తాకిడికి పోర్టల్ పడిపోయినా అసలు మార్కుల సర్వర్‌కు ఏమీ కాకూడదు. పైగా బయటి ప్రపంచానికి తెరిచి ఉన్న యంత్రం మీద మార్కులు దిద్దే అధికారం ఉండకూడదు. అందుకే అసలు ఒకచోట, నకలు ఇంకోచోట. నకలును అసలుతో సమానం చేసే పనినే సింక్ అంటాం.

మన పాత కిరాణా షాపుల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. రోజువారీ బేరాలు జరిగినవి జరిగినట్టు చిట్టాలో పడేవి. సాయంత్రం గుమాస్తా కూర్చుని వాటిని ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వారివి ఎక్కించేవాడు. రాత్రి సింక్ చేసేది గుమాస్తా పనే. దాని ముందున్న మొదటి ప్రశ్న కూడా గుమాస్తా ప్రశ్నే: నిన్న ఎక్కడ ఆపాను, ఇవాళ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కాలేజీ పుట్టినప్పటి నుంచీ ఉన్న మార్కులన్నీ ప్రతి రాత్రీ మోయడం దండగ అనిపించి, మారిన వరుసలను మాత్రమే తీసుకెళ్లేలా రాశాను. మార్కుల పట్టికలో ప్రతి వరుసకూ `updated_at` అని ఒక గడి ఉంది. ఆ వరుస చివరిసారి ఎప్పుడు మారిందో అందులో ఉంటుంది. సింక్ అడిగే ప్రశ్న ఇంతే:

```sql
SELECT * FROM marks
WHERE updated_at > :last_run;
```

పోయినసారి నేను నడిచిన వేళ తర్వాత మారినవన్నీ ఇవ్వు, అని దీని అర్థం. వచ్చినవాటిని పోర్టల్‌లో పెడుతుంది. ఆ వరుస అక్కడ లేకపోతే కొత్తగా చేరుస్తుంది, ఉంటే దాన్నే మారుస్తుంది. ఆపైన `last_run` గడిలో ఈ రాత్రి రెండు గంటలు అని రాసుకుని ఆగిపోతుంది.

ఈ పద్ధతిలో దిద్దుబాట్లకంటూ వేరే ఏర్పాటు అక్కర్లేదు. రీకౌంటింగ్‌లో మార్కు మారితే ఎగ్జామ్ బ్రాంచ్ తన సర్వర్లో దిద్దుతుంది. దిద్దగానే `updated_at` మారుతుంది, ఆ రాత్రి సింక్ దాన్ని గుర్తుపట్టి తీసుకెళ్తుంది. మొదటిసారి మార్కులు వెళ్లిన దారిలోనే దిద్దుబాటూ వెళ్తుంది. పోర్టల్ వైపు ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు. ఇదే మంచి పద్ధతని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కాకపోతే నేను రాసిన ఆ రెండు లైన్లలో ఒక కన్నం ఉంది.

ముందు ఆ అబ్బాయి మార్కు సంగతి చూద్దాం. ఆ కాలేజీ నిబంధనల ప్రకారం ఇంటర్నల్స్‌కు 30, సెమిస్టర్ పరీక్షకు 70. పరీక్షలో కనీసం 25 రావాలి, రెండూ కలిపి 40 దాటాలి. ఇతనికి ఇంటర్నల్స్‌లో 18, పరీక్షలో 19 వచ్చాయి. మొత్తం 37. రెండు షరతుల్లోనూ తప్పాడు. రీకౌంటింగ్‌కు డబ్బు కట్టి అడిగితే, పేపరు తీసి చూశారు. అయిదో ప్రశ్న 'బి' భాగానికి లోపలి పేజీలో ఎర్ర సిరాతో 7 వేసి ఉంది. మొదటి పేజీలో ఆ గడి ఖాళీ. దిద్దిన మాస్టారు మార్కు ఇచ్చారు గానీ ఎక్కించడం మరిచిపోయారు. 19కి 7 చేరితే 26. ఇంటర్నల్స్‌తో కలిపి 44, సి గ్రేడు. అబ్బాయి పాసయ్యాడు.

ఆ ఏడు మార్కులతో కదిలేది ఒక్క వరుస కాదు. ఆ సెమిస్టర్లో మొత్తం 20 క్రెడిట్లు. మిగతా 17 క్రెడిట్లకు గ్రేడు పాయింట్లతో గుణిస్తే 129 వస్తుంది. ఈ సబ్జెక్టుకు 3 క్రెడిట్లు. ఫెయిలైతే దీని వంతు సున్నా కాబట్టి 129ని 20తో భాగిస్తే ఎస్.జి.పి.ఎ. 6.45. సి గ్రేడుకు 5 పాయింట్లు, అంటే 15 చేరి 144 అవుతుంది, ఎస్.జి.పి.ఎ. 7.20కి పెరుగుతుంది. బ్యాక్‌లాగ్ సంఖ్య ఒకటి నుంచి సున్నాకు దిగుతుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు వచ్చే కంపెనీలు మొదట అడిగేది ఈ రెండు అంకెలే. అందుకని మార్కు వరుస, సెమిస్టర్ మొత్తం వరుస రెండూ ఒకే కట్టగా పోర్టల్‌కు వెళ్లాలి. ఒకటి వెళ్లాక మధ్యలో కరెంటు పోతే, పేజీ మీద సి గ్రేడు కనిపిస్తూ పక్కనే బ్యాక్‌లాగ్ 1 అని ఉంటుంది. అది చూసినవాడు రెండింటినీ నమ్మడు. డేటాబేస్‌లో ఇలాంటి కట్టను ట్రాన్సాక్షన్ అంటారు. కట్టలోని మార్పులన్నీ పూర్తయి కమిట్ అనే చివరి ముద్ర పడేవరకూ బయటివాళ్లకు పాత లెక్కే కనిపిస్తుంది. మధ్యలో ఏదైనా తెగితే ఏదీ మారనట్టే.

ఈ కమిట్ దగ్గరే మా కన్నం ఉంది.

సోమవారం రాత్రి ఎగ్జామ్ బ్రాంచ్ మేలుకునే ఉంది. శుక్రవారానికి సప్లిమెంటరీ ఫీజు గడువు ముగుస్తుంది కాబట్టి రీకౌంటింగ్ ఫలితాలు ఎలాగైనా ఇచ్చేయాలని సూపరింటెండెంట్ గారు ముగ్గుర్ని కూర్చోబెట్టి పని చేయిస్తున్నారు. సాయంత్రం నుంచి ఒక్కో బండిల్‌నూ సేవ్ చేస్తూ వచ్చారు. చివరి బండిల్‌లో మార్కు మారిన విద్యార్థులు 43 మంది. దాన్ని సేవ్ చేయడం 1:58కి మొదలుపెట్టారు. ప్రోగ్రామ్ ఒక్కొక్కరి మార్కు మార్చి, మొత్తాలు తిరిగి లెక్కకట్టి, అన్నీ అయ్యాక 2:03కి కమిట్ కొట్టింది. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అందులో `now()` అని అడిగితే అప్పటి వేళ రాదు, ట్రాన్సాక్షన్ మొదలైన వేళ వస్తుంది. కాబట్టి ఆ 43 వరుసల మీదా పడిన వేళ 1:58.

సరిగ్గా రెండింటికి సింక్ లేచింది. అప్పటికి కమిట్ కాలేదు కాబట్టి దానికి ఆ 43 మంది పాత మార్కులే కనిపించాయి. సాయంత్రం సేవ్ చేసిన మిగతా బండిళ్లను తీసుకెళ్లి పోర్టల్‌లో పెట్టింది, `last_run` గడిలో 2:00 అని రాసుకుంది. మూడు నిమిషాల తర్వాత 43 కొత్త మార్కులు బయటపడ్డాయి. వాటి మీదున్న వేళ మాత్రం 1:58. మర్నాటి రాత్రి సింక్ అడిగింది: నిన్న 2:00 తర్వాత మారినవి ఇవ్వు. 1:58 అనేది 2:00కి ముందే కదా. రాలేదు. ఆ తర్వాతి రాత్రీ రాలేదు. ఎవరూ ముట్టుకోకపోతే ఆ వరుసలు ఎన్నేళ్లయినా రావు. పోయినవారం ఊరొదిలిన బస్సు కోసం ఇవాళ స్టాండులో నిలబడ్డట్టే.

దీన్ని పట్టుకోవడం కష్టం ఎందుకంటే ఎక్కడా ఎర్ర అక్షరాలు కనిపించవు. సింక్ తప్పు చేయలేదు, తనకు చెప్పింది చెప్పినట్టు చేసింది. లాగ్ తెరిస్తే మూడు రాత్రులూ విజయవంతం అని ఉంది. నాకు దొరికిన మొదటి ఆధారం ఒక లెక్క. ఎగ్జామ్ బ్రాంచ్ జాబితాలో మార్కు మారినవారు 214 మంది. పోర్టల్‌లో ఆ వారం మారిన వరుసలు 171. తేడా 43. ఆ 43 వరుసలనూ అసలు సర్వర్లో బయటకు తీసి చూస్తే అన్నింటి మీదా ఒకే వేళ ఉంది, సెకన్లతో సహా. నలభైమూడు మార్కులు ఒకే సెకనులో ఎవరూ టైపు చేయలేరు. అంటే అవన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పుట్టాయి, ఆ ట్రాన్సాక్షన్ సింక్ లేచే వేళకు తెరిచి ఉంది. అక్కడితో ముడి విడిపోయింది. అప్పటికి ఆ తండ్రి కౌంటర్ బయట బెంచీ మీద రెండు గంటలుగా కూర్చుని ఉన్నాడు.

ఆ గంటలో ఇంకో పొరపాటు జరగబోయింది, అదీ చెప్పాలి. పోర్టల్ చూసే కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "సార్, నేను పోర్టల్‌లో నేరుగా ఎఫ్ తీసేసి సి పెట్టేస్తా, ఆయన్ని పంపించేద్దాం" అన్నాడు. జాలితోనే అన్నాడు. అంతకుముందు ఏడాది ఇంకో విద్యార్థిని విషయంలో అలాగే చేశారు. ఆ అమ్మాయి మార్కు అసలు సర్వర్లో దిద్దలేదు, పోర్టల్‌లో మాత్రమే మార్చారు. ఆ అమ్మాయి సంతోషంగా ఇంటికెళ్లింది. కొన్నాళ్లకు ఏదో కారణంతో సెమిస్టర్ మొత్తాన్ని తిరిగి సింక్ చేయాల్సి వచ్చింది. అసలు సర్వర్లో ఉన్న పాత మార్కు వచ్చి పోర్టల్‌లోని కొత్త మార్కు మీద కూర్చుంది. పాసయ్యానని ఇంట్లో చెప్పుకున్న పిల్లకు ఒక తెల్లవారి మళ్లీ ఎఫ్ కనిపించింది. నకలు దిద్దితే అసలు మారదు. ఆవర్జాలో అంకె కొట్టేసి చిట్టా ముట్టుకోకపోతే సంవత్సరాంతం లెక్కలో అది బయటపడక తప్పదు.

అందుకని ఆ రోజు పోర్టల్‌ను ముట్టుకోలేదు. సింక్‌కు `last_run` విలువ సోమవారం సాయంత్రం ఆరు గంటలు అని ఇచ్చి, మధ్యాహ్నం పూట చేత్తో నడిపాను. 214 వరుసలూ మళ్లీ వచ్చాయి. అప్పటికే సరిగా ఉన్న 171 మీద అవే విలువలు మళ్లీ పడ్డాయి, 43 కొత్తగా మారాయి. తండ్రి ఫోన్లో పేజీ రిఫ్రెష్ చేశాడు. 26, సి, 7.20.

ఒకసారి చేసినా నాలుగుసార్లు చేసినా ఫలితం ఒకటే కావడం సింక్‌కు ఉండాల్సిన అతి ముఖ్యమైన గుణం. "7 కలుపు" అని పంపితే, రెండోసారి నడిచినప్పుడు 26 కాస్తా 33 అవుతుంది. "26 అని పెట్టు" అని పంపితే ఎన్నిసార్లు నడిచినా 26 దగ్గరే ఉంటుంది. ఈ గుణం ఉంటే సింక్‌కు వెనక్కి తిరిగి చూసే ధైర్యం వస్తుంది. నేను చేసిన శాశ్వత మరమ్మతు కూడా అదే:

```sql
SELECT * FROM marks
WHERE updated_at > :last_run - interval '1 day';
```

ప్రతి రాత్రీ కిందటి రాత్రి చూసినదాన్ని కూడా మళ్లీ చూస్తుంది. అయిదు నిమిషాలు ఆలస్యంగా కమిట్ అయినదీ, అయిదు గంటలు ఆలస్యంగా అయినదీ దొరుకుతాయి. ఒక రోజుకు మించి తెరిచి ఉండే ట్రాన్సాక్షన్ ఆ ఆఫీసులో ఉండదు. ఎక్కువ వరుసలు చదవాల్సి వస్తుంది, నిజమే. అందుకు అయ్యే ఖర్చు కొన్ని సెకన్లు.

అయితే వెనక్కి చూడటం మొదలుపెట్టగానే రెండు కొత్త చిక్కులు వచ్చాయి. పోర్టల్‌లో వరుస మారినప్పుడల్లా విద్యార్థికి "మీ ఫలితం మారింది" అని ఎస్సెమ్మెస్ వెళ్తుంది. అదే వరుస రెండోసారి రాస్తే రెండో ఎస్సెమ్మెస్ వెళ్లింది. మార్కు మారిందని మళ్లీ ఆశపడి తెరిచినవాళ్లకు పాతదే కనిపించింది. పోర్టల్‌లోని మార్కును తర్వాత దిద్దుకోవచ్చు గానీ, వెళ్లిపోయిన ఎస్సెమ్మెస్‌ను వెనక్కి తెచ్చే సింక్ ఏదీ లేదు. రెండో చిక్కు వరస తప్పడం. ఎప్పుడైనా రెండు సింక్‌లు ఒకదాని మీద ఒకటి పడితే, ముందు చదివిన పాత మార్కు ఆలస్యంగా చేరి కొత్త మార్కును చెరిపేయగలదు.

రెండింటికీ ఒకే మందు పనిచేసింది. అసలు సర్వర్లో ప్రతి మార్కుకూ ఒక సంచిక సంఖ్య పెట్టాం. మొదటి ఫలితానికి 1. రీకౌంటింగ్‌లో మారితే 2. రీవాల్యుయేషన్‌లో ఇంకోసారి మారితే 3. పోర్టల్ తన దగ్గరున్న సంఖ్య కంటే పెద్దది వస్తేనే తీసుకుంటుంది:

```sql
ON CONFLICT (hall_ticket, subject_code, exam_session)
DO UPDATE SET external = EXCLUDED.external,
              ver = EXCLUDED.ver
WHERE portal_marks.ver < EXCLUDED.ver;
```

అదే సంచిక మళ్లీ వస్తే పోర్టల్‌లో ఏదీ కదలదు, కదలనిదానికి ఎస్సెమ్మెస్ వెళ్లదు. పాత సంచిక ఆలస్యంగా వచ్చినా లోపలికి రానివ్వదు. ఈ ముక్కలో `exam_session` ఎందుకుందో కూడా చెప్పాలి. హాల్ టికెట్ నంబరు, సబ్జెక్టు కోడ్ ఈ రెండింటితోనే వరుసను గుర్తిస్తే, మే నెలలో రాసిన సప్లిమెంటరీ మార్కు డిసెంబరులో రాసిన రెగ్యులర్ మార్కు మీద పడిపోతుంది. దిద్దుబాటు వేరు, రెండో ప్రయత్నం వేరు. ఏ పరీక్షదో కూడా చేరిస్తేనే రెండూ దేనికది నిలుస్తాయి.

ఇంత చేసినా సింక్ చూడలేని మార్పులు ఉంటాయి. ఎవరో డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లి మార్కు మార్చి, `updated_at` గానీ సంచిక సంఖ్య గానీ మార్చకపోతే ఆ మార్పు దానికి కనపడదు. ఏ దారిన మార్కు మారినా ఆ రెండూ వాటంతటవే మారేలా డేటాబేస్‌లోనే ట్రిగ్గర్ అనే కాపలా పెట్టడం దీనికి తగిన పని. ఇంకోటి, అసలులో వరుసనే తీసేయడం. ఒకసారి పరీక్షకు రాని అబ్బాయికి బార్‌కోడ్ తారుమారై మార్కులు పడ్డాయి. ఎగ్జామ్ బ్రాంచ్ వాళ్లు ఆ వరుసను డిలీట్ చేశారు. సింక్ మారిన వరుసలను అడుగుతుంది. లేని వరుస మారినట్టు ఎలా చెబుతుంది? పోర్టల్‌లో ఆ మార్కులు అలాగే మిగిలిపోయాయి. అప్పటి నుంచీ డిలీట్ చేయడం మానిపించాం. వరుస ఉంటుంది, దాని స్థితి 'రద్దు' అవుతుంది, సంచిక ఒకటి పెరుగుతుంది, ఆ రద్దు కూడా మిగతా దిద్దుబాట్లలాగే రాత్రికి పోర్టల్ చేరుతుంది.

ఖాళీకీ సున్నాకీ తేడా చెరిగిపోవడం కూడా అటువంటిదే. గైర్హాజరు, మాల్ ప్రాక్టీస్ విచారణలో ఆపేసిన ఫలితం, మార్కు ఇంకా రాకపోవడం, నిజంగా సున్నా రావడం, ఇవి నాలుగూ నాలుగు వేరు సంగతులు. డేటాబేస్‌లో లేనిదాన్ని `NULL` అంటారు. మధ్యలో ఏదో ఒక ప్రోగ్రామ్ దాన్ని 0గా మారిస్తే, ఆపి ఉంచిన ఫలితం పోర్టల్‌లో సున్నా మార్కులతో ఫెయిల్‌గా కనిపిస్తుంది. ఆ పేజీ చూసిన పిల్లవాడికి అది సాంకేతిక లోపమని ఎవరు చెబుతారు?

అందుకే వారానికోసారి, మారినవి మారనివి అని చూడకుండా, రెండువైపులా ఉన్న మొత్తాన్ని సరిపోల్చే పని ఇంకోటి పెట్టాం. ఒక్కో సబ్జెక్టుకు రెండుచోట్లా ఎన్ని వరుసలున్నాయి, మార్కుల కూడిక ఎంత అని చూస్తుంది. ఆ గురువారం ఇది ఉండి ఉంటే, ఒక్క ఆ అబ్బాయి మార్కే తప్పిపోయిన సందర్భంలో, అసలులో 2431, పోర్టల్‌లో 2424 అన్నట్టు ఏడు తేడా కళ్లకు కట్టేది. కూడికను పూర్తిగా నమ్మడానికీ లేదు. ఒకరికి ఏడు ఎక్కువై ఇంకొకరికి ఏడు తక్కువైతే కూడిక సరిపోతుంది. తర్వాత తర్వాత ఒక్కో వరుసకూ చిన్న సంకేత సంఖ్య కట్టి వాటినే పోల్చడం మొదలుపెట్టాం. తేడా దొరికితే ఆ ప్రోగ్రామ్ తనంతట తాను దిద్దదు. జాబితా తీసి ఎగ్జామ్ బ్రాంచ్ టేబుల్ మీద పెడుతుంది, మనిషి చూసి చెప్పాక సింక్ నడుస్తుంది. తేడా వచ్చిన ప్రతిచోటా అసలుదే ఒప్పు అని ముందే అనుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఎందుకంటే అసలే తప్పైతే సింక్ ఆ తప్పునే నమ్మకంగా మోసుకెళ్తుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా పడింది. పేపరు తీసి చూస్తే ఆమెకు వచ్చినవి 99. మార్కు నమోదు చేసే చోటే ఆ పొరపాటు జరిగింది. అటువంటి సున్నా ఎన్ని సర్వర్లు దాటినా, ఎన్ని రాత్రులు సరిపోల్చినా సున్నాగానే ఉంటుంది, రెండువైపులా లెక్క చక్కగా కలుస్తుంది. ఆ ఏడాది గందరగోళంలో కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత ప్రభుత్వం ఫెయిలైన వారందరి పేపర్లనూ ఉచితంగా తిరిగి పరిశీలించమంది. వెయ్యిమందికి పైగా పాసయ్యారు. కాగితం మీదున్న ఎర్ర సిరా అంకెను మనిషి కన్ను మళ్లీ చూడటానికి బదులు ఇంకేదీ లేదు. రీకౌంటింగ్ ఫీజు కట్టలేక ఊరుకున్నవాళ్ల పేపర్లలో ఎన్ని ఖాళీ గడులు మిగిలిపోయాయో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. పరీక్షలో పాస్ గీతకు అయిదారు మార్కుల దూరంలో ఆగిన పేపర్లనైనా ఫలితాలివ్వకముందే ఇంకొకరు కూడి చూడాలని ఆ కాలేజీలో అడిగాను. మనుషులు చాలరన్నారు.

పోర్టల్ పేజీ విషయంలో మాత్రం మాట నెగ్గింది. ఇప్పుడు ఫలితం పైన "ఈ మార్కులు ఫలానా తేదీ, ఫలానా వేళ వరకు ఉన్న లెక్క ప్రకారం" అని ఉంటుంది. ఆ వేళ సింక్ లేచినది కాదు, సింక్ పూర్తిగా ముగిసినది. సింక్ నడవకపోతే అది పాత తేదీ దగ్గరే ఆగి కనిపిస్తుంది. రీకౌంటింగ్ జాబితా నోటీసు బోర్డు మీద పడ్డాక పోర్టల్ తేదీ దాన్ని దాటి, మార్కు మాత్రం మారలేదంటే, విద్యార్థి ఆగకుండా ఎగ్జామ్ బ్రాంచ్‌కు రావాలి. ఆ తేదీ ఇంకా దాటకపోతే ఒక రాత్రి ఆగితే చాలు. మారిన మార్కు పక్కన చిన్న గీత మీద వేలు పెడితే పాత సంచికలు కూడా తెరుచుకుంటాయి: ముందు 19, తర్వాత 26, కారణం రీకౌంటింగ్, మారిన తేదీ. పాత మార్కును చెరిపేయకుండా దాచిపెట్టాం. ఎవరైనా "అప్పుడు నాకు ఫెయిలని చూపించారు, అందుకే ఫీజు కట్టాను" అని వస్తే అది నిజమో కాదో తేల్చి డబ్బు తిరిగివ్వడానికి అదే ఆధారం.

ఆ తండ్రి ఫోన్ జేబులో పెట్టుకుని లేచాక, సూపరింటెండెంట్ గారు ఆయన్ని మళ్లీ వెనక్కి పిలిచారు. "అబ్బాయి దగ్గర పాత మార్కుల మెమో ఉందాండీ? మొదటి ఫలితాలకే ప్రింట్ చేసి ఇచ్చేశాం కదా." ఉందన్నాడు, ఇంట్లో ట్రంకు పెట్టెలో పెట్టాడట. ఆ కాగితం మీద ఇంకా 19, ఎఫ్ అనే ఉంది. ఏ రాత్రి సింక్ నడిచినా అది మారదు. "అది తెచ్చి మాకిచ్చి, కొత్తది తీసుకెళ్లమని చెప్పండి. పాతది అలాగే ఉండిపోతే రేపు ఉద్యోగంలో సర్టిఫికెట్లు చూసేటప్పుడు రెండు మెమోలు బయటపడతాయి" అన్నారు ఆవిడ. ఆయన సరేనని, హాల్ టికెట్ నంబరు రాసిన చీటీ వెనక "పాత మెమో" అని రాసుకుని బస్టాండు వైపు నడిచాడు.